ఉన్నది ఉన్నట్టు కొట్టుండ్రి

మా బాసిత్‌కు ఒక జబ్బు ఉండేది. ఏ కాగితం చేతికిచ్చినా అందులో ఏం రాసి ఉందో చూడడు, ఎట్లా అచ్చయిందో చూస్తాడు. పెళ్ళి కార్డు ఇస్తే పెళ్ళికొడుకు పేరు చదవకముందే కుడిపక్క మార్జిన్ తక్కువైందంటాడు. వాళ్ళమ్మ హుసేన్‌బీ నా జిరాక్స్ షాపు ముందు కూర్చుని తల కొట్టుకునేది. "యోహానూ, వీనికి పిల్ల ఫోటో చూపిస్తె పిల్లను చూడలేదు, ఫోటో అంచులు వంకర కోసిన్రు అన్నడు. గిట్లైతె వీనికి పెండ్లైతదా" అనేది. పెళ్ళయితే అయింది, ఫరీదా మంచి పిల్ల, కానీ జబ్బు మాత్రం పోలేదు.

వనపర్తి బస్టాండు పక్క సందులో కింద నా జిరాక్స్ షాపు, మిద్దె మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. అందులో బాసిత్ సార్, పేర్లూ లెక్కలూ పట్టికల్లో దాచే ఫాక్స్‌ప్రో చెప్పేవాడు. ఊళ్ళో కుర్రకారంతా అప్పటికే కొత్త కొత్త కోర్సుల వెంట పడ్డారు. కానీ ఆఫీసుల్లో ఉన్న పాత లెక్కలన్నీ ఫాక్స్‌ప్రోలోనే పడి ఉండేవి కాబట్టి, డేటా ఎంట్రీ పనిలో చేరాలనుకున్నవాళ్ళకు బాసిత్ తప్ప దిక్కులేదు. పాఠం బాగా చెప్తాడని పేరు లేదు. నోరు తెరిస్తే నసుగుతాడు. పేరంతా ఆయన నోట్సుకే. బల్మూర్ నుంచి గద్వాల దాకా ఏ ఆఫీసులో డేటా ఎంట్రీ టేబులు చూసినా, మానిటర్ పక్కన గోడకు ఆ నోట్సు పేజీ ఒకటి అతికి ఉండేది.

గోడకు ఎందుకు అతికించేవాళ్ళంటే, ఆ నోట్సు గొప్పతనం అక్కడే ఉంది. ఒక పనికి కావలసిన ఆదేశాలన్నీ ఒకే పేజీలో ఉండేవి. మామూలు మాటలు మామూలు అక్షరాల్లో, ప్రోగ్రాం మాత్రం లేత బూడిదరంగు పెట్టెలో, కొరియర్ అక్షరాల్లో. ఆ కొరియర్ ఎందుకని నేను ఒకసారి విసుక్కున్నాను, టైపు మిషను అక్షరాలలాగా దరిద్రంగా ఉన్నాయని. "అన్నా, మామూలు అచ్చుల ఐ సన్నగ ఉంటది, ఎమ్ము లావుగ ఉంటది. దీంట్ల అన్నిటికి ఒక్కటే జాగ. స్క్రీను మీద ఎట్ల కనపడ్తదో కాయిదం మీద గట్లనే, ఒకదాని కింద ఒకటి నిలబడ్తయి. ఖాళీ ఎక్కడుందో, ఎన్ని ఖాళీలున్నయో పోరలకు తెలుస్తది" అన్నాడు. పేజీ చివర పెట్టె సగానికి తెగి రెండో సగం పక్క పేజీకి పోతే ఆయనకు అన్నం సహించేది కాదు. పెట్టెలోని గీతలన్నీ, అంటే అక్షరాల వరసలన్నీ, ఒక్కచోటే ఉండాలని వర్డులో గుర్తు పెట్టేవాడు. జాగ చాలకపోతే పెట్టె మొత్తం తరువాతి పేజీకి దూకేది. పైన సగం పేజీ ఖాళీగా మిగిలినా సరే. "కాయిదం ఖరాబు చేస్తుండు" అని ఇన్‌స్టిట్యూట్ ఓనరు తిట్టేవాడు. నాకేం, నాకు జిరాక్సులు ఎక్కువే వచ్చేవి.

ఇంకో పిచ్చి పీడీఎఫ్. వర్డు ఫైలు సీడీలో వేసి ఇస్తే, అక్కడ వేరే ప్రింటరు ఉంటే పేజీలు జరిగిపోయేవి. ఇక్కడ కుదురుగా ఉన్న పెట్టె అక్కడ నడిమికి విరిగేది. అందుకని చివరికి అంతా పీడీఎఫ్ చేసి ఇచ్చేవాడు. "ఇది కాల్చిన ఇటుక అన్నా. ఎక్కడ వెట్టినా గిట్లనే ఉంటది" అని మురిసిపోయేవాడు. ఇటుక వంకరగా కాలితే ఏమవుతుందని ఆ రోజు నాకూ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

క్లాసులో ఆయన గట్టిగా చెప్పగలిగిన మాట ఒక్కటే. అది మిద్దె మీద అంటే కింద నాకు వినపడేది. "నోట్సుల ఉన్నది ఉన్నట్టు కొట్టుండ్రి. సొంత తెలివి వద్దు." పిల్లలు చుక్కలు వదిలేసేవాళ్ళు, కొటేషన్లు మరిచిపోయేవాళ్ళు, కనుక ఆ మాట అనీ అనీ ఆయనకు ఊతపదమైపోయింది.

ఆ క్లాసులోకే వచ్చాడు సురేష్. మన్ననూరు పక్కన అడవిలో గూడెం వాళ్ళది. తండ్రి పోచయ్య ఫారెస్టోళ్ళకు మంటలార్పే కూలి పని చేసేవాడు, తల్లి చంద్రమ్మ తేనె, గడ్డలు తెచ్చి అమ్మేది. సురేష్ హాస్టల్లో చదివి ఇంటర్ పాసయ్యాడు. ఆ గూడెంలో కంప్యూటర్ ముట్టిన మొదటివాడు. బక్కగా ఉండేవాడు, మాట్లాడాలంటే ముందు నేల చూసేవాడు. కానీ రాత కుదురు. బాసిత్ నోట్సును పక్కన పెట్టుకుని ఒక్క చుక్క పొల్లుపోకుండా కొట్టేవాడు. బాసిత్ నా షాపులో చాయ్ తాగుతూ, "అన్నా, నా నోట్సు నాకంటె బాగ చదివేటోడు దొరికిండు" అన్నాడు. ఆయన ఎవరినైనా మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే.

అది రెండు వేల ఎనిమిది. అడవిలో పోడు చేసుకునేవాళ్ళకు పట్టాలిస్తామని దరఖాస్తులు తీసుకుంటున్న రోజులు. దరఖాస్తులన్నీ కంప్యూటర్లో ఎక్కించే పనికి ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కొందరిని తీసుకున్నారు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అక్కరలేదు. సురేష్‌కు పని దొరికింది. పోచయ్య దరఖాస్తు కూడా ఆ కట్టల్లోనే ఉంది. గూడెమంతటి దరఖాస్తులూ ఉన్నాయి. "మావోడు లోపల కూసున్నడు, ఇగ మన కాయిదం ఎటూ పోదు" అని గూడెంలో పోచయ్య అందరికీ చెప్పుకున్నాడట. ముసలోళ్ళు సురేష్‌ను చూసి లేచి నిలబడేవాళ్ళట. సురేష్‌కు ఆ ఉద్యోగం ఎంతో, ఆ నమ్మకం అంతకంటే ఎక్కువ.

ఆ పనిలోకి ఆఫీసుల్లోని పాత గుమస్తాలను కూడా కొందరిని వేశారు. వాళ్ళకు బాసిత్ దగ్గర ట్రైనింగు ఇప్పించారు. అందులో బాలయ్య అని ఒక పెద్దమనిషి, కంట్లో పొర. నోట్సు ముక్కుకు ఆనించుకుని చూసి, "బాసిత్ సార్, గీ అక్షరాలు చీమలున్నట్టున్నయి. మా అసొంటోళ్ళకు జర పెద్దగ చేయరాదా" అని బతిమాలాడు. బాసిత్‌కు జాలేసింది. ఆ మాట న్యాయమే కదా. ఆ రోజే కూర్చుని నోట్సంతా అక్షరాలు పెంచాడు. పెంచగానే పెట్టెలన్నీ అటూ ఇటూ దూకాయి. ఒక్కో పేజీ తిప్పి, ఎక్కడ పెట్టె విరిగిందో చూసి సర్దాడు. పేజీల మీద అంత ధ్యాస పెట్టిన మనిషి, పెట్టె లోపల గీతల మీద పెట్టలేదు. పీడీఎఫ్ చేశాడు. నా దగ్గరే కట్టలు కట్టలు జిరాక్సు తీశాం. సీడీలు అన్ని ఆఫీసులకూ పోయాయి.

అందులో ఒక పేజీలో, రెండుసార్లు ఎక్కిన దరఖాస్తులను తీసేయడం ఎట్లాగో ఉంది. చిన్న అక్షరాల్లో ఉన్నప్పుడు ఆ ఆదేశం ఒకే గీత:

DELETE ALL FOR UPPER(VILLAGE) = "BALMOOR" .AND. DUP = "Y"

అంటే ఊరు బల్మూర్ అయ్యి, రెండోసారి ఎక్కింది అన్న గుర్తు కూడా ఉంటేనే తీసేయమని. అక్షరాలు పెద్దవి కాగానే పెట్టె వెడల్పు చాలలేదు. వర్డుకు ఫాక్స్‌ప్రో తెలవదు కదా, ఖాళీ ఉన్నచోట గీతను మడిచి కిందికి దించింది:

DELETE ALL FOR UPPER(VILLAGE) = "BALMOOR"
.AND. DUP = "Y"

చూడడానికి ముచ్చటగా ఉంది. కొరియర్ అక్షరాలు ఒకదాని కింద ఒకటి బుద్ధిగా నిలబడ్డాయి. కానీ ఫాక్స్‌ప్రోలో ఎంటర్ కొడితే ఆ గీత అక్కడికి అయిపోయినట్టే. కింది గీతకు కూడా సాగాలంటే పై గీత చివర సెమికోలన్ పెట్టాలి. పెట్టకపోతే పైదొక్కటే పని చేస్తుంది. అంటే ఆ ఊరి పేరున్నవన్నీ, రెండోసారివా మొదటివా అని చూడకుండా, తీసేయమని.

దానికి ముందు ఒక హెచ్చరిక ఉండేది. "తీసేసిన తర్వాత ముందు LIST వేసి చూడండి. తప్పు జరిగితే RECALL ALL అంటే వెనక్కి వస్తాయి. PACK కొడితే ఇక రావు." బాసిత్ అంతకుముందు ఎంతమందికో చెప్పిన మాటే. కానీ అది పెట్టె బయటి మామూలు మాట. పెట్టె విరగొద్దని కట్టినవాడు, ఆ మాటను పెట్టెకు ముడివేయలేదు. అక్షరాలు పెరగగానే పెట్టె తరువాతి పేజీకి దూకింది, హెచ్చరిక వెనక పేజీ అడుగునే ఉండిపోయింది. కొత్త పేజీలో పైన DELETE పెట్టె, కింద PACK పెట్టె, అంతే. ఎప్పటిలాగే అందరూ తమకు కావలసిన ఆ ఒక్క పేజీ చింపి గోడకు అతికించుకున్నారు.

సురేష్ మొదట తన ఊరివే శుభ్రం చేద్దామనుకున్నాడు. బల్మూర్ ఉన్నచోట మన్ననూర్ అని మార్చాడు. మిగతాది ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. మొదటి గీత కొట్టి ఎంటర్ నొక్కితే, ఇన్ని తీసేశానని పెద్ద అంకె చూపించింది. రెండో గీత కొడితే ఆదేశం అర్థం కాలేదంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే అంది. పక్క టేబులు సూపర్నెంటును అడిగితే, "అరె, గీ డబ్బాలు గిట్లనే ఒర్లుతుంటయి. నువ్వు ముందుకు పో" అన్నాడట. తరువాతి పెట్టెలో PACK ఉంది. కొట్టాడు. సాయంత్రం, నోట్సులో ఉన్నట్టే, ఫ్లాపీలో పాత కాపీ తుడిచేసి కొత్త కాపీ పెట్టాడు. ఆ పని కూడా ఒక్క పొల్లు పోలేదు.

భూములు చూసే టీము పోవలసిన ఊళ్ళ పేర్లు మీటింగులో చదివిన రోజు మన్ననూరు పేరు రాలేదు. అడిగితే, మీ ఊరి నుంచి దరఖాస్తులే లేవన్నారు. కాగితాల కట్టలు ఆఫీసు మూలన ఉన్నాయి, నిజమే. వాటిని మళ్ళీ ఎక్కించారు, అదీ నిజమే. కానీ అప్పటికి భూములు చూసే టీము వచ్చి పోయింది. మన్ననూరోళ్ళది వచ్చే విడతలో చూస్తామన్నారు. ఆ విడత ఎప్పుడని అడిగే ధైర్యం ఆ గూడేల్లో ఎవరికుంటుంది?

సురేష్‌ను ఆ వారమే తీసేశారు. అది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ గూడెంలో తగిలింది. ఊరూరివీ ఉండి ఒక్క మన్ననూరువే ఎట్లా పోతాయి? వాటిని పోగొట్టినవాడు మన్ననూరోడే కదా? ఫారెస్టోళ్ళు పిల్లగానికి ఏదో ఇచ్చి తుడిపించారని మాట పుట్టింది. దానికి కాళ్ళొచ్చి అన్ని గూడేలూ తిరిగింది. పోచయ్య దరఖాస్తు కూడా పోయింది కదా అని ఎవరైనా అంటే, అది నాటకమని ఇంకొకరు అన్నారు. భీమమ్మ అని గూడెం పెద్దామె, సురేష్‌ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి, వాళ్ళ గుడిసె ముందు నుంచి పోవడం మానేసి చుట్టు తిరిగి పోయేదట.

ఇదంతా బాసిత్‌కు తెలిసింది, ఆ ఆఫీసు సూపర్నెంటు గోడ మీది పేజీ పీక్కుని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చినప్పుడు. "గిదేనా నువ్వు నేర్పింది" అని నా కౌంటరు మీద విసిరేశాడు. అప్పుడు బాసిత్ కింద నా షాపులోనే ఉన్నాడు. పేజీ చేతికి తీసుకున్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. మొదటిసారి ఆయన మార్జిన్ చూడలేదు. గీత చివర చూశాడు. అక్కడ సెమికోలన్ లేదు. వేలు కిందికి జరిపి .AND. మీద ఆపాడు. ఆ తరువాత కుర్చీ కోసం వెనక్కి తడుముకుని, కుర్చీ దొరకక నేల మీదే కూర్చున్నాడు.

సూపర్నెంటుకు ఏమీ అర్థం కాలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాచుకోను. బాసిత్ మీద కాదు. "ముందుకు పో" అన్న మనిషి మీద. ఆ మాట అన్నవాడు దర్జాగా నిలబడ్డాడు, ఒక గీత మడత చూసుకోనివాడు నేల మీద పడ్డాడు.

మరునాడు బాసిత్, నేను మన్ననూరు పోయాం. సురేష్ గుడిసెలో లేడు. అప్పటికే ఊరొదిలి పోయాడు. చంద్రమ్మ మాకు నీళ్ళిచ్చింది, పోచయ్య గడప మీద నుంచి లేవలేదు. బాసిత్ పేజీ తీసి, తప్పు సురేష్‌ది కాదు, నాది అని చెప్పాడు. చంద్రమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సార్, నాకు చదువు రాదు. నా కొడుకు దీంట్ల ఉన్నదే కొట్టిండంటవా" అంది. అవునన్నాడు. "అయితె ఆ మాట గూడెపోళ్ళకు చెప్పు" అంది.

గూడెం పెద్దలు వచ్చారు. బాసిత్ నసుగుతూ మొదలుపెట్టాడు. ఒక గీత రెండు గీతలైందని, చివర ఒక గుర్తు ఉండాలని, కంప్యూటర్‌కు సగం మాటే వినపడ్డదని. ఆఖరికి కర్రతో మట్టిలో గీసి చూపించాడు. నాకే సరిగ్గా అర్థం కాని సంగతి వాళ్ళకేం అర్థమవుతుంది? భీమమ్మ చివరిదాకా విన్నది. "అచ్చైన కాయిదంల తప్పుంటదా సార్? చేత్తో రాసిందాంట్ల ఉంటదేమో. అచ్చుల ఎట్లుంటది" అంది. ఇంకొకాయన, "ఈ సార్‌ను కూడ వాళ్ళే తోలినట్టుంది" అన్నాడు మెల్లగా. అంతే. ఒకరి వెనక ఒకరు లేచిపోయారు. పోచయ్య అప్పుడు నోరు విప్పాడు. "ఎందుకొచ్చినవ్ సార్. ఇంతకుముందు మావోడొక్కడే దొంగ. ఇప్పుడు దొంగకు సాచ్చెం గూడ వచ్చిందంటరు" అన్నాడు.  బాసిత్ మట్టిలో గీసిన కర్రను తిరుగు బస్సులో అట్లాగే చేతిలో పట్టుకుని వచ్చాడు, వనపర్తిలో దిగాక చూసుకుని పడేశాడు.

ఇన్‌స్టిట్యూట్ మానేశాడు. తీసేయకముందే తనే మానేశాడు. కానీ మానేసేముందు ఆ నోట్సు మొత్తం మళ్ళీ చేశాడు. ఎక్కడ కొత్త గీత మొదలైందో తెలిసేలా ప్రతి గీతకు ముందు, పెట్టె బయట, ఒక అంకె వేశాడు. మడత పడక తప్పనిచోట తనే తెంపి సెమికోలన్ పెట్టాడు. తెంపలేని చోట కాగితం అడ్డం తిప్పి అచ్చు వేశాడు. ప్రతి హెచ్చరికనూ పెట్టె లోపలికే తెచ్చి, ముందు నక్షత్రం గుర్తు పెట్టి రాశాడు. ఫాక్స్‌ప్రోలో నక్షత్రం గుర్తుతో మొదలైన గీతను కంప్యూటర్ పట్టించుకోదట, మనిషి మాత్రం చదువుతాడు. సీడీలు పట్టుకుని ఆఫీసు ఆఫీసుకూ తిరిగి, గోడల మీది పాత పేజీలు తన చేత్తో పీకాడు. గద్వాలలో ఒక గుమస్తా ఇవ్వనన్నాడు, ఇదే బాగుంది సార్, అక్షరాలు పెద్దగున్నయని. వానితో జుట్టుజుట్టు పట్టుకునేదాకా పోయింది. నసిగే బాసిత్ అంత గట్టిగా అరవగలడని ఫరీదాకు చెప్తే నమ్మలేదు.

సురేష్ జాడ చాలా రోజులకు తెలిసింది. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున లారీలు కడుగుతున్నాడని ఒక డ్రైవరు చెప్పాడు. ఇద్దరం పోయాం. ఒడ్డున వరసగా లారీలు. సురేష్ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒక టైరు తోముతున్నాడు. మమ్మల్ని చూసి ఒడ్డుకు వచ్చి, చేతులు చొక్కాకు తుడుచుకుని దండం పెట్టాడు. అదే నేల చూపు.

బాసిత్ కొత్త నోట్సు తెచ్చాడు, ఇద్దామని. ఇవ్వలేదు. చాలాసేపు దాన్ని చేతుల్లో తిప్పి, చివరికి ఒకటే అడిగాడు.

"సురేష్, గంత పెద్ద అంకె చూపిచ్చింది గద. గన్ని పోయినయని చెప్పింది. నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది సార్" అన్నాడు సురేష్. "మా ఊర్ల రెండుసార్లెక్కినయి గన్ని లేవని నాకు తెలుసు. అన్నీ నేనే ఎక్కిచ్చిన."

"మరి ఆపలేదేంది?"

సురేష్ తల ఎత్తాడు. వాడు బాసిత్ ముఖంలోకి చూడడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ చూపులో కోపం లేదు, అదే నాకు భరించడం కష్టమైంది.

"సొంత తెలివి వద్దన్నరు గద సార్" అన్నాడు.

లారీ మీది నుంచి డ్రైవరు కేకేశాడు. సురేష్ మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.